తీగపాకానికి నీళ్ళ లెక్క: అరకిలో నుంచి నాలుగు కిలోలకు

ప్రశ్న: అరకిలో పంచదారకు 300 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి తీగపాకం పట్టి బూందీ లడ్డు చేస్తే నాకు ఎప్పుడూ చక్కగా కుదురుతుంది. మా అమ్మాయి సారె కోసం నాలుగు కిలోల పంచదారతో చేయవలసి వచ్చి, నీళ్ళు కూడా ఎనిమిది రెట్లు పోశాను. ముప్పావుగంట మరిగినా తీగ రాలేదు. చివరికి వచ్చిందని దించి బూందీ కలుపుతుండగానే అంచుల్లో పాకం తెల్లబడింది, సగం లడ్డూలు పొడిపొడిగా రాలిపోయాయి. అసలు తీగపాకానికి పంచదార, నీళ్ళ పాళ్ళు ఎంత? ఎక్కువ మోతాదులో చేసేటప్పుడు వాటిని ఎలా మార్చుకోవాలి? వచ్చే నెలలో మళ్ళీ చేయాలి.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

పాకం తీగ సాగడమన్నది మనం మొదట పోసిన నీళ్ళను బట్టి కాదు, పొయ్యి మీద నుంచి దించే సమయానికి గిన్నెలో మిగిలి ఉన్న నీళ్ళను బట్టి ఉంటుంది. కిలో పంచదారకు అరలీటరు నీళ్ళు పోసినా, లీటరు పోసినా, చివరికి ఒక తీగ వచ్చేటప్పుడు ఆ పాకంలో మిగిలేది సుమారు 400 నుంచి 450 గ్రాముల నీరే. అంటే కిలో పంచదార తీగపాకమయ్యేసరికి 1,400 నుంచి 1,450 గ్రాముల బరువు తూగుతుంది; అందులో నూటికి దాదాపు 70 పాళ్ళు పంచదార, 30 పాళ్ళు నీరు. ఇంతకంటే నీరు ఎక్కువగా ఉంటే అది గులాబ్ జామూన్‌కు పనికివచ్చే జిగురుపాకం, ఇంకో నూరు గ్రాములకు కాస్త అటూఇటూగా తగ్గితే రెండు తీగల పాకం. మొదట పోసే నీళ్ళు పంచదార కరగడానికీ, మనం ఎంతసేపు పొయ్యి దగ్గర నిలబడాలన్నదానికీ సంబంధించినవి మాత్రమే.

తిరుమల శ్రీవారి లడ్డూకు పాటించే దిట్టం గురించి మీరు వినే ఉంటారు. 5,100 లడ్డూలకు 400 కిలోల పంచదార, 180 కిలోల శనగపిండి, 165 కిలోల ఆవునెయ్యి అంటూ జీడిపప్పు, ఎండుద్రాక్ష, కలకండ, యాలకుల దాకా పత్రికల్లో వచ్చిన ఆ పట్టికలో నీళ్ళు కనిపించవు. నేను దాన్ని మొదటిసారి చదివినప్పుడు పాకం పట్టేవారి దృష్టి ఎలా ఉంటుందో అర్థమైంది: తూచవలసినది పిండివంటలో నిలిచి ఉండేదాన్ని, ఆవిరైపోయేదాన్ని కాదు.

అయినా ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి తీగపాకానికి నేను సూచించే పాళ్ళు తూకం లెక్కన రెండుకు ఒకటి, అంటే కిలో పంచదారకు అరలీటరు నీళ్ళు. ఇక్కడ చాలామంది పొరబడే చిన్న విషయం ఒకటి ఉంది. రెండు కప్పుల పంచదారకు ఒక కప్పు నీళ్ళు అని చెప్పుకునే కొలత ఈ రెండుకు ఒకటితో సమానం కాదు. 240 మిల్లీలీటర్ల కప్పులో పంచదార సుమారు 200 గ్రాములే పడుతుంది, నీళ్ళు మాత్రం 240 గ్రాములు పడతాయి. కాబట్టి కప్పుల్లో రెండుకు ఒకటి అంటే తూకంలో కిలోకు 600 మిల్లీలీటర్లు. మీ అరకిలో కొలత సరిగ్గా ఇదే. తక్కువ మోతాదులో ఈ తేడా తెలియదు, నాలుగు కిలోల దగ్గర మాత్రం 400 మిల్లీలీటర్ల అదనపు నీరై కూర్చుంటుంది.

మీకు ముప్పావుగంట ఎందుకు పట్టిందో ఈ లెక్కతో తేలిపోతుంది. అరకిలో పంచదార తీగపాకంలో మిగలవలసిన నీరు సుమారు 215 గ్రాములు. మీరు 300 పోశారు కాబట్టి 85 గ్రాములు ఆవిరైతే చాలు, మరగడం మొదలయ్యాక నాలుగైదు నిమిషాల్లో ఆ పని జరిగిపోతుంది. నాలుగు కిలోలకు 2,400 మిల్లీలీటర్లు పోసినప్పుడు మిగలవలసినది సుమారు 1,700, ఆవిరి కావలసినది దాదాపు 700. ఎనిమిది రెట్లు పంచదార, ఎనిమిది రెట్లు నీళ్ళు, కానీ పొయ్యి మాత్రం అదే. నీరు ఎంత వేగంగా ఆవిరవుతుందన్నది మంట బలాన్నీ, గిన్నె మూతి వెడల్పునూ బట్టి ఉంటుందే తప్ప లోపల ఎంత పంచదార ఉందన్నదాన్ని బట్టి కాదు. ఒకే పొయ్యి మీద ఎనిమిది రెట్ల నీరు ఇగరడానికి సుమారు ఎనిమిది రెట్ల సమయం పడుతుంది. పాళ్ళను రెట్టించడంలో తప్పు లేదు, కానీ ఆవిరి కావలసిన నీళ్ళను కూడా రెట్టించడం వల్ల ఇబ్బంది వచ్చింది. అదే నాలుగు కిలోలకు రెండు లీటర్లు పోసి ఉంటే 300 గ్రాములు ఇగిరితే సరిపోయేది.

అలాగని కిలోకు 450 మిల్లీలీటర్ల కంటే తగ్గించమని నేను చెప్పను. అంత తక్కువ నీళ్ళలో పంచదార పూర్తిగా కరగకముందే గిన్నె మరగడం మొదలవుతుంది. కరగని పలుకులు అడుగున ఉండగానే పైన పాకం తీగ సాగుతుంది, ఆ పలుకులే తరువాత పాకమంతటినీ గట్టిపరుస్తాయి. మొదట సన్నని సెగ మీద కలుపుతూ పంచదారను పూర్తిగా కరిగించి, గరిటె అడుగుకు రాస్తే గరగరలాడకుండా ఉన్నప్పుడే మంట పెంచాలి. ఆ తరువాత గరిటె పెట్టకూడదు.

ఈసారి నాలుగు కిలోలనూ ఒకే గిన్నెలో కాకుండా రెండు కిలోల చొప్పున రెండు వాయిలుగా పట్టమని నా గట్టి సలహా. దీనికి మూడు కారణాలున్నాయి. నాలుగు కిలోల పంచదారకు రెండు లీటర్ల నీళ్ళు పోస్తే నాలుగున్నర లీటర్ల ద్రవం అవుతుంది, నురగ పొంగడానికి చోటు వదలాలంటే పది లీటర్ల గిన్నె కావాలి, అంత మరిగే పాకాన్ని ఇంటి వంటగదిలో ఒక్కరు దించడం ప్రమాదకరం. రెండవది, లడ్డూలు పాకం వెచ్చగా ఉండగానే చుట్టాలి; నాలుగు కిలోల పాకం పట్టిన బూందీని వెచ్చదనం పోకముందే ఉండలు కట్టాలంటే కనీసం నలుగురైదుగురు కూర్చోవాలి. మూడవ కారణం, ఇళ్ళల్లో ఉండే డిజిటల్ కాటా సాధారణంగా ఐదు కిలోల వరకే తూస్తుంది, నేను చెప్పబోయే పద్ధతికి ఆ కాటా కావాలి.

ఆ పద్ధతి ఇది. మందపాటి అడుగు, రెండు పిడులు ఉన్న గిన్నెను ముందుగా తూచి, బరువును ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. 1,200 గ్రాములు ఉందనుకుందాం. అందులో రెండు కిలోల పంచదార, ఒక లీటరు నీళ్ళు పోస్తే మొత్తం 4,200 గ్రాములు. రెండు కిలోల పంచదార తీగపాకమయ్యేటప్పటికి 2,850 గ్రాములు ఉండాలి, గిన్నెతో కలిపి 4,050. అంటే మీరు చేయవలసినదల్లా గిన్నెను 150 గ్రాములు తేలిక చేయడమే. కాటా మీద ఒక మందపాటి చెక్కపలక పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, మంట ఆపి, పొంగు అణిగాక గిన్నెను ఆ పలక మీద ఉంచి చూడండి. పలక లేకుండా వేడి గిన్నెను నేరుగా పెడితే కాటా పాడవుతుంది, అంకె కూడా నిలకడగా ఉండదు. అన్నట్టు పలక బరువును కూడా కాటా మోయవలసి ఉంటుంది కాబట్టి తేలికైన పలకనే ఎంచుకోండి. మరగడం మొదలైన ఐదు నిమిషాలకు ఒకసారి తూస్తే 4,130 చూపించిందనుకోండి, ఇంకా 80 గ్రాములు పోవాలి. ఐదు నిమిషాల్లో 70 పోయాయి కాబట్టి మిగిలినదానికి ఇంచుమించు అంతే సమయం పడుతుందని ముందే తెలిసిపోతుంది. నేనైతే 4,080 దగ్గరే మంట ఆపేస్తాను, ఎందుకంటే మందపాటి గిన్నె, అంత పాకం కలిసి పట్టి ఉంచిన వేడికి దించిన తరువాత కూడా నీరు కొంత ఆవిరవుతూనే ఉంటుంది. అరకిలో పాకం త్వరగా చల్లారుతుంది కాబట్టి అక్కడ ఈ జాగ్రత్త అవసరం రాదు. మోతాదు పెరిగినకొద్దీ కాస్త ముందుగానే దించాలి.

మురికి తీయడానికి చెంచా పాలు పోసే అలవాటు ఉంటే, పైకి తేలిన తెట్టును తీసివేసిన తరువాత ఒకసారి తూచుకుని అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టండి. ఇప్పుడు దొరికే తెల్లని పంచదారకు దాని అవసరం పెద్దగా లేదు.

కాటా ఉన్నా వేలి పరీక్షను వదులుకోవద్దు, ఎందుకంటే రెండూ ఒకే మాట చెబితే మీకు నిశ్చింత. అయితే ఈ పరీక్షే ఎక్కువ మోతాదులో చేసినప్పుడు మిమ్మల్ని తప్పుదారి పట్టించి ఉంటుందని నా అనుమానం. మరుగుతున్న పాకంలో నుంచి చుక్క తీసి వెంటనే వేళ్ళ మధ్య సాగదీస్తే, వేడి మీద అది పల్చగా ఉండి తీగ తెగిపోతుంది. నిజానికి పాకం అప్పటికే వచ్చి ఉన్నా, ఇంకా రాలేదని మనం మరిగిస్తూ పోతాం. చాలాసేపు మరిగి విసిగిన తరువాత ఇంకో ఐదు నిమిషాలు అదనంగా ఉంచడం ఎవరికైనా సహజమే. సరైన తీరు ఏమిటంటే, మొదట మంటను బాగా తగ్గించాలి లేదా ఆపాలి. గరిటె అంచుతో రెండు మూడు చుక్కలు పొడి పళ్ళెంలో వేసి, వేలు కాలకుండా తాకగలిగేంత వరకు, అంటే పది పదిహేను సెకన్ల పాటు ఆగాలి. అప్పుడు బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి మెల్లగా విడదీస్తే ఒక్క తీగ సెంటీమీటరు దాకా సాగి నిలవాలి. సాగకుండానే తెగితే లేతపాకం, పక్కపక్కనే రెండు తీగలు కనిపిస్తే ముదిరింది. చుక్క పూర్తిగా చల్లారిపోతే లేతపాకం కూడా తీగలా సాగి మభ్యపెడుతుంది కాబట్టి మరీ ఆలస్యం కూడా చేయకూడదు. వేళ్ళు తడిగా ఉంటే ఆ తడే చుక్కను పల్చబరుస్తుంది, కాబట్టి తుడుచుకున్న వేళ్ళతో చూడండి.

మీ దగ్గర వంట థర్మామీటరు ఉంటే అది మరింత సులువు, కానీ హైదరాబాదులో ఉన్నవారు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. సముద్రతీరాన ఉన్న మచిలీపట్నంలో నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగితే, 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదులో సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది. తీగపాకం నీరు మరిగే వేడి కంటే ఐదారు డిగ్రీలు పైన ఉంటుంది. అందువల్ల అక్కడ 105, 106 దగ్గర దించే పాకాన్ని మీరు 103, 104 దగ్గరే దించాలి. 106 దాకా ఆగితే అది తీగపాకం దాటి ముదురుతుంది. ముందుగా మామూలు నీళ్ళను మరిగించి మీ థర్మామీటరు ఎంత చూపుతుందో చూసి, దానికి ఐదున్నర కలుపుకుంటే, థర్మామీటరులో చిన్న దోషం ఉన్నా అదీ ఆ లెక్కలోనే సరిపోతుంది.

ఇక పాకం తెల్లబడడం గురించి. గది వేడిమిలో నీరు కరిగించుకోగలిగిన పంచదార నూటికి 67 పాళ్ళ దాకా మాత్రమే. తీగపాకంలో 70 పాళ్ళు ఉన్నాయి కాబట్టి, చల్లారినప్పుడు ఆ కాస్త అదనపు పంచదార సన్నని పలుకులుగా బయటపడుతుంది. బూందీని పట్టి ఉంచి లడ్డూకు నిలకడ ఇచ్చేది సరిగ్గా ఇదే, అందుకే మనవాళ్ళు లడ్డూకు తీగపాకం, జామూన్‌కు లేతపాకం అని విడగొట్టారు. పాకం 75 పాళ్ళకు ముదిరితే బయటపడే పంచదార చాలా ఎక్కువై, ఉండ కట్టేలోపే గట్టిపడి బూందీ పొడిపొడిగా విడిపోతుంది. దీనికి తోడు ఎక్కువసేపు కుతకుతలాడిన గిన్నె గోడల మీద చిందిన చుక్కలు ఎండి పంచదార పలుకులవుతాయి. అవి తిరిగి పాకంలో పడితే వాటి చుట్టూ మిగతా పంచదార కట్టడం మొదలవుతుంది. మీకు అంచుల్లో తెల్లబడడం దీనివల్లే. మరిగే మొదటి రెండు నిమిషాలు గిన్నెకు మూత పెడితే ఆవిరే గోడలను కడుగుతుంది. తరువాత కూడా పలుకులు కనిపిస్తే తడి గుడ్డ చుట్టిన గరిటెతో గోడలు తుడవండి. చల్లని బూందీని వేడి పాకంలో పోయడం కూడా పాకాన్ని ఒక్కసారిగా గట్టిపరుస్తుంది. కాబట్టి బూందీ మొత్తం ముందే వేయించి పెట్టుకున్నా, పాకంలో కలిపే ముందు గోరువెచ్చగా చేసుకోవడం మంచిది.

నిమ్మరసం వేస్తే పాకం గట్టిపడదని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, అది నిజమే కానీ లడ్డూ విషయంలో జాగ్రత్త అవసరం. పులుపు తగిలిన పంచదారలో కొంత భాగం పలుకు కట్టని రకంగా మారిపోతుంది, ఎంత ఎక్కువసేపు మరిగితే అంత ఎక్కువ మారుతుంది. అందువల్ల నిమ్మరసాన్ని పంచదారతో పాటు రెట్టించకూడదు, ఎక్కువ మోతాదు ఎలాగూ ఎక్కువసేపు మరుగుతుంది. రెండు కిలోలకు నాలుగైదు చుక్కలు, అదీ దించబోయే ముందు వేస్తే చాలు. చెంచాలకొద్దీ పోస్తే లడ్డూలు చేతికి జిగురుగా అంటుకుంటూ రోజుల తరబడి మెత్తగానే ఉండిపోతాయి. మైసూర్ పాక్‌కు పట్టే తీగపాకంలో అయితే నేను నిమ్మరసం అసలు వేయను, గుల్లగా పలుకు కట్టడమే అక్కడ కావలసింది.

ఇన్ని చెప్పినా ఒక్కోసారి పాకం చేయి దాటుతుంది. అప్పుడు కాటా మళ్ళీ ఉపకరిస్తుంది. పై లెక్కలో గిన్నె 4,050 దగ్గర ఉండవలసింది 3,850కి దిగిందనుకోండి, రెండు తీగల పాకమైందన్నమాట. పోయినవి 200 గ్రాముల నీళ్ళే కాబట్టి 200 మిల్లీలీటర్ల వేడినీళ్ళు పోసి, గట్టిపడినది పూర్తిగా కరిగేదాకా సన్నని సెగ మీద ఉంచి, ఒక్క పొంగు రానిచ్చి దించితే మళ్ళీ తీగపాకమే అవుతుంది. పంచదార ఎర్రబడనంత వరకు దీనివల్ల రుచిలో తేడా రాదు. చన్నీళ్ళు పోయవద్దు, మరిగే పాకం చిటపటమని చేతుల మీదికి ఎగురుతుంది.

బూందీ కలిపేసిన తరువాత తెలిసిందంటే పద్ధతి వేరు. ఉండ రాకుండా రాలిపోతున్న బూందీ మీద రెండు మూడు చెంచాల వేడినీళ్ళు చిలకరించి, మూత పెట్టి, అతి సన్నని సెగ మీద ఐదు నిమిషాలు ఉంచి, అడుగు నుంచి పైకి నెమ్మదిగా కలపండి. బిగుసుకున్న పంచదార మళ్ళీ కరిగి బూందీకి పడుతుంది, వెచ్చగా ఉండగానే చుట్టుకోవాలి. ఒకేసారి ఎక్కువ చిలకరిస్తే బూందీ మెత్తబడి ముద్దవుతుంది కాబట్టి చాలకపోతే ఇంకో చెంచా వేయడమే మేలు. వేడిపాలు చల్లే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది, కానీ సారె లడ్డూలు వారం పది రోజులు నిలవ ఉండాలి కాబట్టి నీళ్ళే వాడండి. పాకం లేతగా ఉండి బూందీ ఈదులాడుతుంటే గాభరాపడక్కర్లేదు. అరగంట అలా వదిలితే బూందీ చాలావరకు పీల్చుకుంటుంది. అప్పటికీ అడుగున పాకం నిలిచి ఉంటే దాన్ని మాత్రమే వేరే గిన్నెలోకి వంచి రెండు నిమిషాలు మరిగించి తిరిగి కలపాలి, బూందీతో సహా పొయ్యి మీద పెడితే గింజలు చితికిపోతాయి.

రెండవ వాయి పట్టేటప్పుడు మొదటి గిన్నెనే వాడతారు కాబట్టి, గోడలకు అంటిన పాకాన్ని వేడినీళ్ళతో కడిగి, తుడిచి, గిన్నెను మరోసారి తూచి మొదలుపెట్టండి. రాసిపెట్టుకున్న పాత కాగితం మీద రెండు వాయిలకూ పట్టిన నిమిషాలు కూడా రాసుకుంటే, అదే పొయ్యి, అదే గిన్నె ఉన్నంతకాలం రెండు కిలోల వాయికి ఆ నిమిషాలే మీ కొలత అవుతాయి.